పందిట్లో ఆ రెండు నిమిషాలు

మన పెళ్లి తంతులో ఆడపిల్ల తండ్రి ఉపన్యాసానికి చోటు లేదు. ఆయన పలకాల్సిన మాటలన్నీ పురోహితుడే పలికిస్తారు. సంకల్పం దగ్గర నుంచి గోత్రం, ప్రవర, మూడు తరాల పెద్దల పేర్లు, కన్యాదానం వేళ ఇచ్చే మాట వరకూ అన్నీ మంత్రాల్లోనే వెళ్లిపోతాయి. కృతజ్ఞత కూడా మనవాళ్లు నోటితో కాక చేత్తోనే చెప్పేవారు. పళ్లెంలో పంచెల చాపు, తమలపాకులు, వక్కలు, పండు, పైన నూట పదహార్లో వెయ్యి నూట పదహార్లో పెట్టి చేతికందించి నమస్కారం చేస్తే అందులోనే అన్నీ వచ్చేసేవి.

ఇప్పుడు మైకు వచ్చింది, వీడియో వచ్చింది. ఆశీర్వచనం అయీ అవకముందే ఎవరో ఒక కుర్రాడు మైకు తెచ్చి, 'బాబాయ్, నాలుగు మాటలు మాట్లాడండి' అంటాడు. పొద్దుటి నుంచి ఉపవాసంతో పీటల మీద కూర్చుని లేచిన మనిషి ఏం మాట్లాడతాడు? 'మా అమ్మాయి చిన్నపిల్ల, ఏమీ తెలియనిది, తప్పులుంటే కడుపులో పెట్టుకోండి. మర్యాదల్లో లోటు జరిగితే క్షమించండి. ఇవాళ్టితో నా బాధ్యత తీరింది' అంటాడు. అవి ఎవరి పెళ్లిలోనో విన్న మాటలు, ఆ క్షణంలో నోటికి అవే వస్తాయి.

కానీ పక్కనే తలవంచుకుని కూర్చున్న పెళ్లికూతురు అవి వింటూ ఉంటుంది. అటు అత్తగారూ, ఆడపడుచులూ వింటూ ఉంటారు. ఎమ్మెస్సీ చదివి ఉద్యోగం చేస్తున్న పిల్లని కన్నతండ్రే 'ఏమీ తెలియనిది' అని నలుగురిలో అప్పగిస్తే, రేపు అత్తవారింట్లో ఎవరైనా అదే మాటంటే ఆమె ఏమని ఎదురు చెబుతుంది? 'మీ నాన్నే అన్నారుగా' అంటే సమాధానం ఉండదు. అందుకే ఈ రెండు నిమిషాల సంగతి ముందుగానే చూసుకోవాలి.

మా బాబాయి తెనాలిలో కూతురి పెళ్లి చేసినప్పుడు ఆ మాటలు రాసే పని నా మీద పడింది. 'కథలు రాస్తావు కదా, ఇది చూడు' అంటూ ఆయన నాలుగు పేజీల కాగితం నా చేతిలో పెట్టారు. అందులో నలభై మూడు పేర్లున్నాయి. కల్యాణమండపం యజమాని దగ్గర నుంచి పెరుగు పంపిన ఆయన దాకా ఎవరినీ వదల్లేదు. గడియారం పెట్టుకుని నిలబడి చదవమన్నాను. పదకొండు నిమిషాలు పట్టింది. చివరికొచ్చేసరికి ఆయన గొంతు ఎండిపోయింది, పిన్ని కూరలు తరగడానికి లేచి వెళ్లిపోయింది.

ముందు తేల్చుకోవాల్సింది ఎప్పుడు మాట్లాడాలని. ముహూర్తం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు అయ్యేసరికి పదకొండుంపావు దాటుతుంది. అప్పుడైతే హాలు నిండా జనం ఉంటారు కాబట్టి అప్పుడే మాట్లాడేస్తానని బాబాయి అన్నారు. కానీ తలంబ్రాలతో పెళ్లి అయిపోలేదు. పాణిగ్రహణం, హోమం, సప్తపది ఇంకా ఉన్నాయి. అక్కడ మైకు పట్టుకుంటే పురోహితుడు మధ్యలో ఆగి కూర్చోవాలి. పైగా తలంబ్రాలు పడగానే జనం కళ్లు భోజనాల హాలు వైపే ఉంటాయి. అప్పగింతల దాకా ఆగుదామా అంటే, కూతురి చెయ్యి పాలలో ముంచి వియ్యపురాలి చేతికి అద్దిన తరవాత ఏ తండ్రి గొంతూ పెగలదు.

కాబట్టి మిగిలింది హోమం ముగిశాక ఆశీర్వచనం వేళ. అప్పటికి హాల్లో ఓ అరవై మంది ఉంటారేమో. కానీ ఆ అరవై మందే అసలు పెద్దలు. గోదావరి జిల్లాల్లో సదస్యం చేసే ఇళ్లలో వేదపండితులను కూర్చోబెట్టి సంభావనలు ఇచ్చేది కూడా తంతు పూర్తయ్యాకే. భోంచేసి వెళ్లిపోయేవారికి కృతజ్ఞత మైకులో అక్కర్లేదు. బాబాయి తమ్ముడు పంక్తుల దగ్గరికి వెళ్లి, 'తృప్తిగా భోంచేశారా? ఇంకొంచెం పులిహోర వేయించుకోండి' అంటే చాలని అనుకున్నాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మంచి ముహూర్తాల రోజుల్లో పురోహితుడికి ఇంకో పెళ్లి ఉండవచ్చు. తంతు చివర్లో మంత్రాల జోరు పెరిగిందన్నా, పక్కనున్న శిష్యుడు సంచీ సర్దడం మొదలుపెట్టాడన్నా ఆయన బయల్దేరే వేళయిందని గుర్తు. కృతజ్ఞత చెప్పే సమయానికి ఆయన ఆటోలో ఉంటే ఏం లాభం? అందుకని ముందురోజే 'శాస్త్రిగారూ, ఎన్నింటికి బయల్దేరాలి?' అని అడిగించాం. ఒంటిగంట వరకు ఉంటానన్నారు. మాట్లాడుకున్న డబ్బు కూడా ముందురోజు సాయంత్రమే ఇంట్లో ఇచ్చేశారు. పందిట్లో ఇచ్చేది తాంబూలంతో కూడిన సంభావనే కాబట్టి బేరం ఊసు అక్కడికి రాదు. మగపెళ్లివారి తరఫు పురోహితుడికీ అదే రకం పంచెల చాపు, అంతే సంభావన సిద్ధం చేశారు. హడావిడిలో చాలామంది మర్చిపోయేది ఆయననే. తమ ఊరికి తిరిగివెళ్లి ఈ పెళ్లి ఎలా జరిగిందో పదిమందికి చెప్పేదీ ఆయనే.

ఇక పేర్లు. 'ఈ మనిషి లేకపోతే ఈ పెళ్లి జరిగేదా?' అని ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి అడుగుతూ వచ్చాను. జరిగేదే అంటే కొట్టేశాం. శాస్త్రిగారు, వియ్యాలవారు మిగిలారు. ఆ తరవాత ఆయన వేలు పెద్దన్నయ్యగారి పేరు మీద ఆగింది. ఇంటి పంపకాల దగ్గర మాట పట్టింపు వచ్చి అన్నదమ్ములిద్దరూ ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. శుభలేఖ అయితే అందింది. వస్తారో రారో తెలియదు.

'మైకులో ఆయన పేరెత్తితే నలుగురూ గుసగుసలాడతారు' అంది పిన్ని. 'అన్నయ్య పేరు లేకపోతే నేను మైకే పట్టుకోను' అన్నారు బాబాయి. ఇద్దరి మాటలోనూ నిజముంది. గొడవ సంగతీ, రాజీ సంగతీ ఎత్తకుండా, క్షమాపణ లేకుండా, జరిగిన సంగతి ఒక్కటి మాత్రం చెబుదామన్నాను. ఆయన వచ్చినా రాకపోయినా ఆ వాక్యం మారక్కర్లేదు.

అంతా అయ్యాక చూస్తే కాగితంలో పిన్ని పేరు లేదు! నలభై మూడు పేర్లు రాసిన మనిషికి భార్య గుర్తురాలేదు. అడిగితే, 'ఇంట్లో మనిషికి థాంక్సేమిటే' అన్నారు. కన్యాదానంలో అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు పోసేదెవరని అడిగాను. భర్త పక్కన భార్య కూర్చుని ధార పోయనిదే కన్యాదానం లేదు. అందుకే ఇద్దరిలో ఒకరు లేని ఇళ్లలో ఇంకో దంపతులను పీటల మీద కూర్చోబెడతారు. తంతులోనే ఉన్న మనిషి మాటల్లో లేకపోతే ఎలా? ఆయన కాసేపు ఊరుకుని కలం తీసుకున్నారు.

చివరికి తేలిన మాటలివి:

'సభలోని పెద్దలందరికీ నమస్కారం. మా పెళ్లి చేయించింది మన శాస్త్రిగారే. ఇవాళ మా అమ్మాయి పెళ్లీ వారి చేతుల మీదుగానే జరిగింది. ప్రతి ఘట్టంలోనూ మంత్రానికి అర్థం పిల్లలిద్దరికీ తెలుగులో విడమర్చి చెప్పారు. వారికీ, వియ్యాలవారి తరఫున వచ్చిన పురోహితులకూ నా నమస్కారాలు. వియ్యంకులూ, వియ్యపురాలుగారూ సంబంధం కలుపుకున్న రోజున అన్న మాట మీదే ఇవాళ్టి వరకూ ఉన్నారు. మా అమ్మాయి చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, తన మాట తాను చెప్పగలదు. మీ ఇంట్లో మీ అబ్బాయితో సమానంగా ఉంటుందని నమ్ముతున్నాను. మా నాన్నగారు పోయేనాటికి నాకు పద్నాలుగేళ్లు. మా అన్నయ్యే ఫీజులు కట్టి నన్ను చదివించాడు. ఆ చదువు వల్లే నేనివాళ ఈ పీటల మీద కూర్చోగలిగాను. నా పక్కన కూర్చుని ధార పోసిన నా భార్య ఈ పెళ్లి పనులు ఎనిమిది నెలల కిందట మొదలుపెట్టింది. ఇందులో ఎక్కువ పాలు ఆవిడదే. పెద్దలు పిల్లలిద్దరినీ ఆశీర్వదించండి.'

నిలబడి నిదానంగా చదివితే రెండు నిమిషాల లోపే. ఇందులో డబ్బు మాట లేదు, పెట్టుపోతల మాట లేదు, 'భారం దిగింది' అన్న మాట అసలే లేదు. 'ధన్యవాదాలు' అన్న మాట కూడా పెట్టలేదు. శాస్త్రిగారి వంటి పెద్దలకు మనం నమస్కారమే చెబుతాం. వారు చేసిన పని ఏదో ఒకటి పేరుపెట్టి చెబితే, అందులోనే కృతజ్ఞత ఉంటుంది. నాదస్వరం, డోలు వాళ్లకు మాత్రం బాబాయి మైకులో చెప్పలేదు. శాస్త్రిగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం అందుకున్న ఆ ఇద్దరి దగ్గరికీ ఆయనే నడిచివెళ్లి తాంబూలం చేతికిచ్చారు.

ఆ రోజు చిన్న ఇబ్బంది ఒక్కటే వచ్చింది. కన్యాదాత ఒంటి మీద పట్టుపంచె, ఉత్తరీయం తప్ప జేబన్నది ఉండదు కదా! కాగితమూ, కళ్లజోడూ ముందే పెళ్లికూతురి తమ్ముడి చేతికివ్వబట్టి సరిపోయింది. కన్యాదానం అయ్యాక పిన్ని ఆయనకు గ్లాసుడు మజ్జిగ తాగించింది. ఆ మజ్జిగ లేకపోతే గొంతు పలికేది కాదు.

పెద్దన్నయ్యగారు వచ్చారు. మూడో వరుసలో చివరి కుర్చీలో కూర్చున్నారు. ఫీజుల మాట వచ్చినప్పుడు ఆయన తల ఎత్తలేదు. చదవడం పూర్తయ్యాక లేచి వేదిక ఎక్కి, పిల్లలిద్దరి మీదా అక్షతలు వేశారు. తమ్ముడితో మాత్రం 'భోంచేశావా?' అన్నారు. అంతే. ఇంటి పంపకాల సంగతి అలాగే ఉంది. కానీ ఆ పూట ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు.

పిన్ని పేరు విన్నప్పుడు వియ్యపురాలు వెనక్కి తిరిగి పిన్ని చెయ్యి పట్టుకున్నారు. 'మా ఇంట్లో ఇలా అనేవాళ్లు లేరమ్మా' అన్నారట నవ్వుతూ. పిన్ని ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది.

కొట్టేసిన పేర్ల కాగితాన్ని పిన్ని పారేయలేదు. పదహారు రోజుల పండగ లోపల ఆ ముప్ఫై తొమ్మిది మందిలో ఊళ్లో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, లేనివాళ్లకు ఫోన్ చేసి, ఒక్కొక్కరికీ వాళ్లు చేసిన సాయం పేరుపెట్టి చెప్పి వచ్చారు. పెరుగు పంపినాయన ఇంటికి బాబాయి స్వయంగా వెళ్లి, 'గడ్డపెరుగు మీద వియ్యాలవారు మాట వేశారండీ, బాగుందన్నారు' అని చెప్పారట. పందిట్లో నలభై పేర్ల మధ్య తన పేరొక్కటి వినిపిస్తే ఆయనకు అంత తృప్తి ఉండేది కాదు.