ఒక్క డెసిబెల్‌ను ఖర్చుపెట్టే రెండు తీరులు

డిజిటల్ టెలిఫోన్ వ్యవస్థ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. మాట అర్థం కావడానికి 3.4 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులు చాలు. చిక్కంతా ఆ పైనున్న వాటితోనే. 4.6 కిలోహెర్ట్జ్ ధ్వని లోపలికి వచ్చిందంటే, 8,000 కొలతల్లో అది అచ్చం 3.4 కిలోహెర్ట్జ్ ధ్వనిలాగే కనిపిస్తుంది. ఒకసారి కలిశాక రెండింటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే కొలవడానికి ముందే ఒక ఫిల్టర్ పెడతారు.

3.4 వరకు సిగ్నల్ ఒక డెసిబెల్‌కు మించి తగ్గకూడదని షరతు పెట్టుకుందాం. అంటే పవర్‌లో ఐదో వంతు వరకు పోవచ్చు. ఫిల్టర్‌లో కాయిళ్లు, కెపాసిటర్లు కలిపి ఐదే ఉండాలి. ఈ హద్దుల్లో 4.6 దగ్గర ఎంత అణచగలం?

మొదటి జవాబు బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ బటర్‌వర్త్‌ది. అడ్మిరాల్టీ పరిశోధనశాలలో పనిచేసిన ఆయన 1930లో ఫిల్టర్ ఆంప్లిఫయర్ల మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఆయన కోరింది చదును. పనికొచ్చే పౌనఃపున్యాలన్నీ హెచ్చుతగ్గులు లేకుండా దాటాలి. ఏ పౌనఃపున్యం ఎంత దాటుతుందో చూపే గీత సున్నా దగ్గర సాధ్యమైనంత చదునుగా బయలుదేరి, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా మెల్లగా వంగుతుంది.

మన ఫిల్టర్‌ను ఆ తీరులో కడితే 2 కిలోహెర్ట్జ్ దగ్గర నష్టం డెసిబెల్‌లో వందో వంతు కూడా ఉండదు. 2.75 దగ్గర 0.13 డెసిబెల్. చివరికి 3.4 చేరాకే పూర్తి డెసిబెల్ ఖర్చవుతుంది. అక్కడి నుంచి 4.6కు వచ్చేసరికి తగ్గింది మొత్తం 8 డెసిబెళ్లే. వద్దనుకున్న పవర్‌లో దాదాపు ఆరో వంతు ఇంకా లోపలికి దూరుతూనే ఉంటుంది.

రెండో జవాబు మూలం ఆవిరి యంత్రంలో ఉంది. పిస్టన్ కడ్డీని నిటారుగా నడిపించడానికి జేమ్స్ వాట్ అమర్చిన కీళ్ల కూర్పు సరళరేఖను దాదాపుగానే గీస్తుంది. ఆ కాస్త తేడాను వీలైనంత తగ్గించడం ఎలా అన్న ప్రశ్నను రష్యన్ గణితవేత్త పఫ్నూతి చెబిషెవ్ పట్టుకున్నారు. 1854లో వెలువడిన ఆయన వ్యాసం చూపిన దారి ఇది: తప్పును ఒకచోట పోగుపడనివ్వకుండా, దారి పొడవునా అటూ ఇటూ సమానంగా పంచాలి. ఆ పనికి అక్కరకొచ్చే బహుపదులకు ఆయన పేరే నిలిచింది. ఐదో తరగతిది ఇలా ఉంటుంది:

16x⁵ − 20x³ + 5x

x విలువ −1 నుంచి 1 వరకు ఉన్నంతసేపూ ఇది +1, −1 మధ్యే ఊగుతుంది. 1 దాటగానే నిటారుగా ఎగబాకుతుంది. ఆ పరిధిలో ఇలా అదుపులో ఉండే ఐదో తరగతి బహుపదుల్లో, బయట ఇంతకంటే వేగంగా పెరిగేది మరొకటి లేదు. పౌనఃపున్యాన్ని కోత హద్దుతో భాగించి x గా తీసుకుని, ఈ బహుపదితో కట్టేదే చెబిషెవ్ ఫిల్టర్. బటర్‌వర్త్ ఫిల్టర్‌లో దీని చోట ఉండేది వట్టి x⁵. ముందున్న ఆ 16 వల్లే, కోత హద్దుకు బాగా పైన, చెబిషెవ్ ఫిల్టర్ 24 డెసిబెళ్లు ఎక్కువ అణచగలుగుతుంది.

ఇప్పుడు మన ఫిల్టర్‌ను ఈ పద్ధతిలో కడదాం. దాదాపు 1.05 కిలోహెర్ట్జ్ దగ్గర గీత ఒక డెసిబెల్ దిగుతుంది, 2 దగ్గర మళ్లీ పైకొస్తుంది, 2.75 దగ్గర దిగుతుంది, 3.23 దగ్గర ఆఖరిసారి లేచి, 3.4 దాటాక పడిపోతుంది. లోతులన్నీ సమానమే. బటర్‌వర్త్ చివరిదాకా దాచుకున్న డెసిబెల్‌ను ఇది దారంతా వాడుకుంటుంది. ఫలితం: 4.6 దగ్గర 23.6 డెసిబెళ్ల తగ్గుదల. లోపలికి వచ్చేది 230వ వంతు పవర్ మాత్రమే. చదును ఫిల్టర్‌తో ఇంత సాధించాలంటే ఐదు భాగాలు చాలవు, పన్నెండు కావాలి.

అయితే ఆ 3.23 దగ్గరి ఆఖరి అల సున్నితమైనది. దాన్ని నిలబెట్టే అనునాదం పదును, అంటే క్యూ విలువ, 5.6 దాకా ఉంటుంది. బటర్‌వర్త్‌లో అత్యధికం 1.6. వేడికి కెపాసిటర్ విలువ కాస్త జరిగినా, కాయిల్ తీగలో నిరోధం ఎక్కువైనా ముందు చెడేది ఆ మూలే. పరీక్షించేవారు సిగ్నల్ జనరేటర్‌ను 3 నుంచి 3.5 కిలోహెర్ట్జ్ వరకు మెల్లగా తిప్పి చూస్తారు. అల మొండిగా అణిగిపోయి ఉంటే కాయిల్ నాణ్యత మీదా, జరిగి ఉన్నా మరీ లేచి ఉన్నా భాగాల విలువల మీదా అనుమానపడతారు.

పదునుకు మరో మూల్యం కాలంలో చెల్లించాలి. హద్దు దగ్గరి పౌనఃపున్యాలు చెబిషెవ్ ఫిల్టర్‌లో మిగతావాటి కంటే ఎక్కువసేపు ఆగి బయటికొస్తాయి. చతురస్రపు పల్స్ పంపితే ఆసిల్లోస్కోప్ తెరమీద దాని అంచు వెనక అలలు చాలాసేపు ఊగుతూ కనిపిస్తాయి. బటర్‌వర్త్‌లోనూ ఊగుతాయి గానీ త్వరగా సద్దుమణుగుతాయి. సంభాషణ వినే చెవి ఈ ఆలస్యాన్ని పెద్దగా పట్టించుకోదు. అదే లైన్‌లో మోడెమ్ డేటా పంపితే మాత్రం ఒక పల్స్ తోక పక్క పల్స్ మీద పడుతుంది, దాన్ని సరిచేయడానికి అవతలి కొసన ఈక్వలైజర్ పెట్టాల్సి వస్తుంది.