కత్తెర పట్టకముందే థంబ్‌నెయిల్

యూట్యూబ్‌లో పాఠాలు చెప్పే చాలామంది ముందు స్క్రిప్ట్ రాసుకుంటారు, తర్వాత షూటింగ్, ఆపైన ఎడిటింగ్. తీరా అప్‌లోడ్ చేసే రాత్రి “అన్నట్టు, థంబ్‌నెయిల్ ఏం పెడదాం?” అన్న ప్రశ్న వస్తుంది. వీడియోను ఎక్కడో ఒకచోట ఆపి, ఆ బొమ్మ మీద పసుపు అక్షరాలు అతికించి పంపేస్తారు. ఐదు నిమిషాల వీడియోకైతే దీంతో నెట్టుకురావచ్చు. నలభై నిమిషాల పాఠానికి కష్టం. ఎందుకంటే థంబ్‌నెయిల్ కుడివైపు కింది మూలన నిడివి కనబడుతూనే ఉంటుంది. ఆ అంకె చూసినవాళ్లకు, అంతసేపు కూర్చుంటే నాకేం దొరుకుతుందన్న సందేహం వస్తుంది. బొమ్మా టైటిలూ కలిసి దానికి జవాబు చెప్పాలి. పాఠంలోనే ఆ జవాబు లేకపోతే చివరి రాత్రి ఎక్కడినుంచి తెస్తాం?

లైనింగ్ బ్లౌజ్ పాఠం తీసుకుందాం. తెలుగు టైలరింగ్ ఛానెళ్లలో ఇది లేనిది అరుదు. `blouse cutting in telugu` అని టైప్ చేస్తే ఒకే పోలికతో వరసగా వీడియోలు వస్తాయి. ఒకావిడ ఇలాంటి పాఠమే నలభై నిమిషాలది చేయాలనుకుంటోంది అనుకుందాం. స్క్రిప్ట్ మొదలుపెట్టేముందు ఆమె ఒక కాగితం మీద పైన టైటిల్, కింద థంబ్‌నెయిల్ కోసం ఒక అడ్డపెట్టె గీసుకుంటుంది. మొదట తోచిన టైటిల్: “లైనింగ్ బ్లౌజ్ కటింగ్, స్టిచింగ్ – పూర్తి వివరాలతో”. మరి పెట్టెలో ఏం గీయాలి? ఒక బ్లౌజ్. అంతకుమించి ఏమీ తట్టదు. అలా తట్టకపోవడమే పనికొచ్చే సూచన. విషయం మరీ వెడల్పుగా ఉన్నప్పుడు బొమ్మ రాదు.

అప్పుడామె ప్రశ్న మార్చుకోవాలి. కుట్టడం కాస్త వచ్చినవాళ్లు కూడా ఎక్కడ తంటాలు పడుతున్నారు? ముందు భాగంలో చంక దగ్గర ముడతలు పడటం. ఇప్పుడు పెట్టె దానంతటదే నిండుతుంది: ఎడమవైపు ముడతలు పడ్డ బ్లౌజ్, కుడివైపు అదే గుడ్డతో నున్నగా కూర్చున్న బ్లౌజ్, రెండూ చంక దగ్గరికి తీసిన ఫొటోలే. టైటిల్ కూడా మారుతుంది: “లైనింగ్ బ్లౌజ్: చంక దగ్గర ముడతలే రాకుండా, కటింగ్ నుంచి హుక్కుల దాకా”.

ఇక స్క్రిప్ట్ రాయబోతే టైటిల్‌కే చిక్కు వస్తుంది. ముడతలకు కారణం ఒక్కటే కాదు మరి. ముందు భాగం చంక వంపును వెనక భాగం కంటే సుమారు అర అంగుళం లోపలికి తీయకపోతే ఎక్కువైన గుడ్డ అక్కడ పోగవుతుంది. షోల్డర్ వెడల్పు ఎక్కువైనా, చెయ్యి వంపు చంక చుట్టుకొలతకు సరిపోకపోయినా ముడతలు పడతాయి. పైగా ఒంటి తీరు మనిషికో రకం. “ముడతలే రాకుండా” అనే మాట నిలబెట్టుకోలేనిదని స్క్రిప్ట్ రాస్తున్నప్పుడే తేలిపోయింది. అందుకని “లైనింగ్ బ్లౌజ్: చంక దగ్గర ముడతలకు మూడు కారణాలు, కటింగ్ నుంచి హుక్కుల దాకా” అని దిద్దుతుంది. వెతికేవాళ్లు వాడే మాట ముందుంది, కాబట్టి ఫోన్‌లో టైటిల్ చివర తెగిపోయినా నష్టం తక్కువ. ఇటు స్క్రిప్ట్‌కూ ఒక బాధ్యత పడింది. మూడు కారణాలనూ విడివిడిగా, గుడ్డ మీద చూపించి తీరాలి. టైటిల్ ముందో స్క్రిప్ట్ ముందో అని వాదించేవాళ్లుంటారు గానీ, నన్నడిగితే ఇలా ఒకదాన్నొకటి దిద్దుకుంటూ సాగడమే సరైన పద్ధతి.

ఈ కాగితం స్క్రిప్ట్‌లో కోతలు కూడా పెడుతుంది. ఛానెల్ పరిచయం, మిషన్‌కి నూనె వేయడం, దారాల రకాలు... మొదట్లో ఉండాల్సిన ఇవన్నీ వెనక్కి పోతాయి, లేదా పూర్తిగా పోతాయి. థంబ్‌నెయిల్‌లో చూసిన రెండు బ్లౌజులూ మొదటి అరనిమిషంలోనే తెర మీదికి రావాలి. కారణాలను చివరిదాకా దాచి జనాన్ని కూర్చోబెట్టాలన్న ఆశ పాఠాల్లో బెడిసికొడుతుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు వీడియోను ముందుకు జరిపి చూసుకుంటారు. అందుకే టైటిల్‌లో చెప్పిన మాట చాప్టర్లలో కూడా కనబడాలి:

```
0:00 రెండు బ్లౌజులు, తేడా ఎక్కడ
1:10 కొలతలు
6:30 కటింగ్: చంక వంపు, షోల్డర్
17:00 లైనింగ్ జోడించడం
25:40 చెయ్యి అతికించడం
35:20 తొడిగి చూడటం
```

చాప్టర్లు పనిచేయాలంటే మొదటిది 0:00తోనే మొదలవ్వాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటీ పది సెకన్లకు తగ్గకూడదు.

అసలు లాభం మాత్రం షూటింగ్ రోజున తెలుస్తుంది. ముడతలున్న బ్లౌజ్ పాఠంలో ఎక్కడా తయారవదు. దాన్ని కావాలని తప్పుగా కత్తిరించి ముందే కుట్టిపెట్టుకోవాలి. పూల డిజైన్ గుడ్డ మీద ముడతలు కనిపించవు కాబట్టి లేత రంగు ప్లెయిన్ గుడ్డ తెచ్చుకోవాలి. ఎదురుగా పడే వెలుతురు ముడతలను మింగేస్తుంది, అందుకని లైటు పక్కనుంచి పెట్టాలి. బొమ్మకు తొడిగితే సరిపోదు, మనిషి వేసుకుని చెయ్యి కదిపినప్పుడే ముడత తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ ఎడిటింగ్ టేబుల్ మీద సృష్టించలేం. ఫొటో కూడా విడిగా తీసుకోవడమే మంచిది. ఆపిన వీడియో ఫ్రేమ్‌లో చెయ్యి మసకబారి ఉంటుంది, అక్షరాలకు చోటూ ఉండదు.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. థంబ్‌నెయిల్‌ను 1280×720 కొలతలో చేస్తాం గానీ చూసేది ఫోన్‌లో వేలెడంత సైజులో. ఆ సైజులో తెలుగు ఒత్తులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. “స్టిచింగ్” అని రాస్తే ముద్దగా కనబడుతుంది, “ఎందుకు?” అని రాస్తే చదవగలం. మన బొమ్మకు ఆ ఒక్క మాట చాలు, టైటిల్‌లో ఉన్నదాన్ని మళ్లీ దాని మీద రాయడం చోటు వృథా. కుడివైపు కింది మూలన నిడివి పడుతుంది కాబట్టి అక్కడ అక్షరాలు గానీ చంక ఫొటో గానీ రాకూడదు.

వీడియో వెళ్లాక స్టూడియోలో రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. థంబ్‌నెయిల్ కనబడ్డవాళ్లలో ఎంతమంది నొక్కారన్నది ఒకటి, ముప్ఫై సెకన్ల దగ్గర ఎంతమంది మిగిలారన్నది రెండోది. మొదటి లెక్కకు యూట్యూబ్ చెప్పే కొలబద్ద ఏమిటంటే, సగం ఛానెళ్లకూ వీడియోలకూ ఇది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుంది. కొత్త జనానికి చేరేకొద్దీ తగ్గడమూ మామూలే, కంగారుపడి మొదటి రోజే మార్చేయకూడదు. నొక్కినవాళ్లు తక్కువై, నొక్కినవాళ్లు మాత్రం కూర్చుని చూస్తుంటే పాఠం బాగుంది, బొమ్మా టైటిలే దాన్ని సరిగా చెప్పలేకపోయాయి. అప్పుడు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పోటీ పెట్టే సదుపాయం స్టూడియోలో ఉంది. అక్కడ గెలుపు నిర్ణయించేది క్లిక్కులు కావు, ఎక్కువసేపు చూడబడినదే గెలుస్తుంది. షూటింగ్ రోజు ఒకటికి నాలుగు ఫొటోలు తీసిపెట్టుకుంటే అవి ఇప్పుడు అక్కరకొస్తాయి.

దీనికి తిరగబడితేనే ఇబ్బంది. జనం బాగా నొక్కి అరనిమిషంలోనే వెళ్లిపోతున్నారంటే, బొమ్మలో చూపింది వీడియో మొదట్లో లేదన్నమాట. టైటిల్, థంబ్‌నెయిల్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు గానీ, అదే లింక్‌లో వీడియోను తీసి ఇంకోటి పెట్టడం యూట్యూబ్‌లో కుదరదు. మహా అయితే స్టూడియోలోని ఎడిటర్‌తో ముందున్న పరిచయాన్ని కత్తిరించి, రెండు బ్లౌజులు కనబడే చోటునుంచి మొదలయ్యేలా చేసుకోవచ్చు. ఆ షాట్ వీడియోలో ఎక్కడో ఒకచోట ఉండి ఉంటేనే ఇదైనా కుదురుతుంది.