‘సర్దమ్మా’ అన్న నాన్నకు జవాబు

కూతురు దాచుకున్న సొమ్ములోంచి తండ్రి పెద్ద మొత్తం అడిగినప్పుడు, ఇవ్వలేనని చెబుతూ ఆమె రాసే ఉత్తరంలో ఉండవలసినవి మూడే మాటలు: ఇవ్వలేను, ఎందుకు ఇవ్వలేను, బదులుగా ఏం చేయగలను. ఉత్తరం మెత్తగా ఉండటమంటే మొదటి మాటను దాచడం కాదు. దాన్ని ముందే చెప్పేసి, మిగతా రెండింటినీ ఓపికగా విడమరచడం.

తండ్రులు ఇలాంటప్పుడు ‘అప్పు’ అనే మాట వాడటం తక్కువ. ‘ఒక పది లక్షలు సర్దమ్మా’ అంటారు. ఆ ‘సర్దడం’లో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. నాలుగు రోజుల్లో తిరిగొచ్చేది, వడ్డీ లేనిది చేబదులు. గడువు, వడ్డీ, అవసరమైతే ప్రోనోటు ఉండేది అప్పు. తిరిగి రాదని తెలిసే ఇచ్చేది సాయం. కలం పట్టుకునే ముందు కూతురు తేల్చుకోవలసింది, తండ్రి అడిగినది ఈ మూడింటిలో ఏది అన్నదే.

ఒక ఉదాహరణ చూద్దాం. తెనాలిలో కిరాణా కొట్టు నడిపే 61 ఏళ్ల తండ్రి ఇంటి పక్కనున్న 120 గజాల స్థలం కొనాలనుకున్నాడు. ధర 18 లక్షలు, చేతిలో ఉన్నది 8 లక్షలు. మిగిలిన 10 లక్షలు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాసే కూతుర్ని అడిగాడు. కొట్టు మీద ఇల్లు గడిచాక ఆయనకు మిగిలేది నెలకు 8 వేలు. ఆ 8 వేలూ ప్రతి నెలా తప్పకుండా పంపినా, వడ్డీ లేకుండానే 10 లక్షలు తీరడానికి 125 నెలలు పడుతుంది. అంటే పదేళ్ల అయిదు నెలలు. ఖాళీ స్థలం నెలనెలా అద్దె తెచ్చేది కాదు, కొట్టు ఆదాయం వయసుతో పెరిగేదీ కాదు. కాబట్టి తండ్రి మనసులో ఇది అప్పే అయినా, లెక్కలో ఇది సాయమే. ఉత్తరం నిలబడవలసింది ఈ లెక్క మీద. ఇందులో తండ్రి నిజాయితీ మీద అనుమానం ఎక్కడా లేదు, ఉత్తరంలో ఆ మాట తేటగా పడాలి.

ఇక కూతురి వైపు. ఆమె దాచుకున్నది మొత్తం 11 లక్షల 60 వేలు. అందులో ఫిక్స్‌డ్ డిపాజిట్ 6 లక్షలు, పొదుపు ఖాతాలో 2 లక్షల 40 వేలు, పీపీఎఫ్‌లో 3 లక్షల 20 వేలు. పది లక్షలు అడిగిన తండ్రికి ఆ మొత్తం సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ భార్యాభర్తలు కలిసి 46 లక్షల ఫ్లాట్ మాట్లాడుకున్నారు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. అంటే రుణం 36 లక్షల 80 వేలు, చేతి నుంచి పెట్టుకోవలసింది 9 లక్షల 20 వేలు. ఇంత పెద్ద ఇంటికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను బ్యాంకు ఆ విలువలో కలపదు, వాటిని భర్త చూసుకుంటున్నాడు. బుకింగ్ నాడు 2 లక్షలు కట్టేశారు. డిసెంబరులోగా ఇంకా 7 లక్షల 20 వేలు కట్టాలి. డిపాజిట్ మొత్తం, ఖాతాలోంచి 1 లక్ష 20 వేలు దానికే పోతాయి. ఖాతాలో మిగిలే 1 లక్ష 20 వేలు మూడు నెలల ఇంటి ఖర్చు. పీపీఎఫ్ 15 ఏళ్ల ఖాతా, తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లు నిండితే గానీ కొంతైనా వెనక్కి తీసుకోవడానికి వీలుండదు. ఆమె ఖాతాకు ఇంకా అంత వయసు రాలేదు.

ఇంత ఉన్నా ఉత్తరంలో తప్పు కారణం పట్టుకునే ప్రమాదం ఉంది. చాలామంది ముందుగా రాసేది ‘డిపాజిట్ మధ్యలో తీస్తే నష్టం నాన్నా’ అని. ఆ నష్టం నిజమే కానీ చిన్నది. గడువుకు ముందు తీస్తే, డబ్బు ఉన్నన్ని రోజులకు వర్తించే వడ్డీ రేటు మాత్రమే ఇస్తారు, అందులోంచి సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గిస్తారు. 6 లక్షలను 7 శాతానికి వేసి ఏడాదికే తీశారనుకుందాం. ఏడాది రేటు ఆరున్నర శాతం ఉండి, ఒక శాతం కోత పడితే 42 వేల బదులు 33 వేలు వస్తాయి. పోయేది 9 వేలు. ‘ఆ తొమ్మిది వేలు నేనిస్తాలే’ అని తండ్రి అనగానే కూతురి దగ్గర మాట ఉండదు. సమాధానం చెప్పగలిగిన సాకు కారణంగా నిలవదు. డిసెంబరులో కట్టవలసిన 7 లక్షల 20 వేలకు అలాంటి సమాధానం లేదు. అందుకే ఉత్తరంలో రాయవలసింది అదొక్కటే. నాలుగు కారణాలు పోగేస్తే తండ్రి వాటిలో బలహీనమైనదాన్నే పట్టుకుంటాడు.

రెండో పొరపాటు ‘చూద్దాం నాన్నా’. కూతురికి అది మర్యాదగా కాదనడం, తండ్రికి అది సగం ఒప్పుకోలు. ఆయన ఆ మాట పట్టుకుని స్థలం యజమానికి బయానా ఇచ్చేస్తాడు, అగ్రిమెంటు రాసుకుంటాడు. గడువులోగా మిగతా సొమ్ము కట్టలేకపోతే, అగ్రిమెంటులో రాసుకున్న షరతును బట్టి ఆ బయానా పోవచ్చు. కాబట్టి ఉత్తరం బయానాకు ముందే చేరాలి.

మూడోది పాత లెక్కలు తీయడం. తండ్రి తన చదువుకు చేసిన ఖర్చును కూతురు తలుచుకోవచ్చు, కానీ దాన్ని బాకీగా మార్చకూడదు. ‘మీ రుణం తీర్చుకోలేనిది, అయినా ఇప్పుడు ఇవ్వలేను’ అని రాస్తే రుణం సంగతిని ఆమే లేవనెత్తినట్టవుతుంది. ‘అన్నయ్యకు ఇల్లు కట్టించారు కదా’ అన్న వాక్యమూ అంతే. అది రాస్తే ఉత్తరం డబ్బు గురించి కాకుండా ఆస్తి పంపకం గురించి అయిపోతుంది. చట్టం కూడా పోషణను, పెట్టుబడిని వేరుగానే చూస్తుంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కొడుకులతో పాటు కూతుళ్ల మీదా బాధ్యత పెట్టింది. ఆ బాధ్యత తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల తిండి, బట్ట, నివాసం, వైద్యం వంటి వాటికి, స్థలాలు కొనడానికి కాదు. చట్టం పేరు ఉత్తరంలో ఎత్తితే అది నోటీసులా ఉంటుంది. ఈ తేడా కూతురి మనసులో ఉంటే చాలు, అపరాధ భావంతో అవసరం లేని క్షమాపణలు రాయకుండా ఉంటుంది.

చేయగలిగిన సాయం చెప్పేటప్పుడు మొత్తం, తేదీ, తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది మూడూ రాయాలి. ‘వీలైనంత చేస్తాను’ అన్నది మళ్లీ ‘చూద్దాం’ లాంటిదే. ఈ ఉదాహరణలో ఆమెకు దీపావళికి 40 వేల బోనస్ వస్తుంది. అది ఎక్కడా ముడిపడి లేదు కాబట్టి దాన్నే చెప్పవచ్చు. దాంతో పాటు మరో సంగతి తప్పక రాయాలి. కూతురు కాదన్నాక తండ్రి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే అవకాశం ఉంది. పది లక్షలకు అది నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. నెలకు 8 వేలు మిగిలే మనిషి అసలు మాట అటుంచి వడ్డీ కూడా కట్టలేడు.

ఇవన్నీ కలిస్తే ఉత్తరం ఒక పేజీ దాటదు. అది ఇలా ఉండవచ్చు:

‘నాన్నగారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. స్థలం గురించి మీరు చెప్పినప్పటి నుంచి లెక్కలు వేస్తూనే ఉన్నాను. పది లక్షలు నేను సర్దలేను నాన్నా. మీరు బయానా ఇవ్వకముందే ఈ మాట మీకు చేరాలని వెంటనే రాస్తున్నాను.

మా ఫ్లాటుకు డిసెంబరులోగా 7 లక్షల 20 వేలు కట్టాలి. నా డిపాజిట్ అంతా దానికే పోతుంది. అది పోగా చేతిలో ఉండేది మూడు నెలల ఇంటి ఖర్చు. పీపీఎఫ్ డబ్బు ఇప్పుడు తీయడానికి వీల్లేదు. మీరు తిరిగి ఇవ్వరని కాదు, మీ మాట నాకు తెలుసు. నెలకు ఎనిమిది వేల చొప్పున కట్టినా పదేళ్లు దాటుతుంది. అన్నేళ్లు ఆ బరువు మీ మీద ఉండటం నాకు ఇష్టం లేదు.

దీపావళి బోనస్ 40 వేలు మీకు పంపుతాను. తిరిగి ఇవ్వక్కర్లేదు. స్థలం కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చులో కలుపుకోండి, లేదంటే కొట్టు మీద రేకులు మార్పించండి. రెండు రూపాయల వడ్డీకి మాత్రం తేకండి, నెలకు ఇరవై వేలవుతుంది. ఆయన సగం స్థలం అమ్ముతాడేమో అడిగి చూడండి. ఆదివారం ఫోన్ చేస్తాను. అమ్మకు కూడా ఈ ఉత్తరం చూపించండి. ఇట్లు, మీ కూతురు.’

ఇందులో ‘సర్దలేను’ అన్న మాట తండ్రి అడిగిన మాటలోంచే వచ్చింది. ‘అప్పు ఇవ్వలేను’ అని రాసి ఉంటే ఆయన్ను అప్పు అడిగిన మనిషిని చేసినట్టయ్యేది. ‘ప్రస్తుతానికి’ అన్న మాట కావాలనే లేదు, అది ఉంటే ఆయన జనవరిలో మళ్లీ అడుగుతాడు. అమ్మకు చూపించమనడం వల్ల కూతురు ఏం రాసిందో ఇంట్లో ఇద్దరికీ ఒకే రకంగా తెలుస్తుంది. ఈ సంగతి ముందు ఫోన్‌లో మొదలుపెడితే తండ్రి గొంతు మారగానే కూతురు ‘చూద్దాంలెండి’ అనేస్తుంది. అందుకే ఉత్తరం ముందు, ఫోను తర్వాత.

ఆదివారం ఫోన్‌లో తండ్రి ముభావంగా ఉండవచ్చు. అంతమాత్రాన ఉత్తరం తప్పిందని కాదు. స్థలం యజమానికి ఆయన బయానా ఇవ్వలేదని తెలిస్తే, ఉత్తరం దాని పని చేసినట్టే.