పాల బండ్ల బీమా: పాలసీలోనుంచి రిజిస్టరులోకి ఎక్కించవలసిన వివరాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దారుల్లో పాలు మోసే బండ్లున్న సంఘాలలో పాత పాలసీ, కొత్త పాలసీ, ప్రీమియం రసీదు, ఆర్.సి. నకలు తరచు ఒకే ఫైలులో కలిసిపోయి ఉంటాయి. ఏ బండికి బీమా ఎప్పుడు ముగుస్తుందో, ప్రమాదం జరిగితే సంఘం సొమ్ము ఎంత పోతుందో ఒక్క చూపులో తెలిసేట్టు రిజిస్టరు రాసుకునే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

మొదటి గడిలో బండి నెంబరు పూర్తిగా రాయాలి. మన ప్రాంతంలో ఎ.పి. 15, టి.ఎస్. 02, టి.ఎస్. 21, టి.ఎస్. 23 వరసల బండ్లు, 2024 నుంచి టి.జి. వరస బండ్లు కూడా తిరుగుతున్నాయి. చివరి నాలుగంకెలే రాస్తే ఒక బండి పాలసీ మరొక బండి పద్దులో చేరవచ్చు. ఛాసిస్ నెంబరును కూడా ఆర్.సి.తో పోల్చి చూసుకోవాలి.

రెండవది గడువు తేదీ. దీనిని రసీదునుంచి తీసుకోరాదు. రసీదు మీద ఉండేది డబ్బు కట్టిన తేదీ మాత్రమే. పాలసీ షెడ్యూలులో బీమా కాలం అని చూపినచోట రెండవ తేదీని రాయాలి. ఒకే బండికి రెండు పాలసీలు కనబడితే ఆలస్యంగా ముగిసేదే అమలులో ఉన్న పాలసీ అనుకోరాదు. దాని ఆరంభ తేదీ వచ్చిందో లేదో కూడా చూడాలి.

మూడవది పరిమితులు. ఐ.డి.వి. అంటే బండి పూర్తిగా పోయినప్పుడు లెక్కకు తీసుకునే విలువ. దాని పక్కనే ఉండే ప్రీమియం అంకెను పొరపాటున పరిమితిగా ఎక్కించరాదు. ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా రూ. 7,50,000 పరిమితి ఉంటుంది. ఇతరుల మరణానికి, గాయాలకు అంకె ఉండదు; మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎంత అవసరమో అంత అని ఉంటుంది. ఆ గడిని ఖాళీగా వదలక ఆ మాటే రాయాలి.

నాలుగవది ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో మనమే భరించవలసిన తొలి మొత్తం. సరుకు బండ్ల పాలసీలో ఐ.ఎం.టి. 21 షరతు ఉంటే ఈ అంకె ఒక్కటే చాలదు. బండి పూర్తిగా పోతే తప్ప లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, రంగు వంటివాటికి పరిహారం రాదు.

ఉదాహరణకు ఒక వ్యాను మరమ్మతు బిల్లు రూ. 38,000, ఎక్సెస్ రూ. 500 అనుకుందాము. లైట్లు, బంపరు, రంగు ఖర్చు రూ. 14,000 మినహాయిస్తే మిగిలేది రూ. 24,000. సర్వేయరు తరుగుదల కింద రూ. 4,000, ఎక్సెస్ కింద రూ. 500 తీసివేస్తే చేతికి వచ్చేది రూ. 19,500. తక్కిన రూ. 18,500 సంఘానిదే. రిజిస్టరులో రూ. 500 మాత్రమే రాసుకున్నవారు ఈ భారాన్ని ముందుగా ఊహించలేరు. కనుక ఎక్సెస్ పక్కన మరో గడి గీసి, ఐ.ఎం.టి. 21 మాత్రమే ఉన్నదా, అదనపు ప్రీమియంతో ఆ భాగాలను చేర్చే ఐ.ఎం.టి. 23 కూడా ఉన్నదా రాయాలి.

బండ్లను నెంబర్ల వరసలో కాక గడువు తేదీల వరసలో రాసి, నెల రోజుల ముందు తేదీని కూడా పక్కనే వేసుకోవాలి. గడువు దాటితే బండి నష్టానికి తిరిగి బీమా ఇచ్చేముందు కంపెనీవారు బండిని తనిఖీ చేస్తారు. 90 రోజులు దాటితే క్లెయిము లేనందుకు వచ్చే తగ్గింపు కూడా పోతుంది. ఈ మధ్యలో ప్రమాదం జరిగితే ఇతరులకు చెల్లించవలసిన పరిహారం బండి యజమాని అయిన సంఘం మీదనే పడుతుంది.