అన్నప్రాసన ఎక్కడ: ఇల్లా, గుడా, ఫంక్షన్ హాలా?

చిన్న వేడుకకు చోటు వెతికే ముందు తేలవలసింది విస్తళ్ల లెక్క. అన్నప్రాసనకు కావలసింది ఒక పీట, గిన్నెడు పరమాన్నం, పురోహితుడు, మేనమామ. క్రతువు గంటలోపే ముగుస్తుంది. డబ్బంతా ఆ తర్వాతి భోజనాలకూ, వాటికి కావలసిన చోటుకే పోతుంది.

ఒక చిన్న పట్టణంలో 80 మందిని పిలిచే కుటుంబం ఉందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. ధరలు ఊరిని బట్టి మారతాయి.

ఫంక్షన్ హాలు అద్దె 30,000 రూపాయలైతే, దానిపై 18 శాతం జీఎస్టీ 5,400. క్యాటరింగ్ వాళ్లు 150 ప్లేట్లకు తక్కువైతే ఒప్పుకోమంటే, ప్లేటు 250 చొప్పున 37,500. అందులో 17,500 ఎవరూ తినని భోజనాల ఖరీదు. మొత్తం 72,900. కరెంటు, జనరేటరు డీజిలు, శుభ్రం చేసినందుకు ఇచ్చేది చాలాచోట్ల దీనికి అదనం. అవి అద్దెలో కలిశాయో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే రాయించుకోవాలి. అయితే వాన వచ్చినా, కరెంటు పోయినా ఇంటివాళ్లు కంగారు పడనక్కర్లేదు.

ఇంటి దగ్గరైతే షామియానా, కుర్చీలు, బల్లలు, వంటపాత్రల అద్దె 10,000, వంటవాళ్లకు 8,000, సరుకులు మనిషికి 120 చొప్పున 9,600. మొత్తం 27,600తో సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది నీళ్లతో. గిన్నెలు తోమడానికీ, చేతులు కడగడానికీ వాడేసరికి పొద్దున నింపిన ట్యాంకు రెండో బంతి లేవకముందే అడుగంటుతుంది. మోటారు వేయడానికీ, పెరుగు తక్కువైతే పరుగెత్తడానికీ ఒక మనిషిని ముందే పెట్టుకోవాలి. లేకపోతే ఆ పని పిల్లవాడి తల్లిదండ్రుల మీదే పడి, పీట దగ్గర కూర్చునే తీరిక వాళ్లకే ఉండదు. అపార్ట్‌మెంటులో డాబా వాడుకోవాలంటే అసోసియేషన్ అనుమతి కావాలి. లిఫ్టు డాబా దాకా వెళ్లకపోతే పెద్దవాళ్లకు మెట్లెక్కడం కష్టం.

గుడిలో ఖర్చు ఇంకా తగ్గవచ్చు. నమోదైన ధార్మిక ట్రస్టు గుడి ఆవరణలో అందరికీ అద్దెకిచ్చే మండపానికి రోజుకు 10,000 లోపు అద్దె ఉంటే జీఎస్టీ ఉండదు. మండపానికి 6,000, బయటినుంచి తెప్పించే భోజనం 200 చొప్పున 16,000, మొత్తం 22,000. గుడి టికెట్టు, సంభావన వేరు. కాని అక్కడ వేళ గుడిది. మధ్యాహ్నం తలుపులు మూసే గుళ్లలో ముహూర్తం పదకొండు దాటితే హడావిడి తప్పదు. ఉల్లి, వెల్లుల్లి పడని చోట్లున్నాయి. బయటి పురోహితుణ్ణి, బయటి వంటను రానివ్వని చోట్లూ ఉన్నాయి. ఇవన్నీ ఆలయ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి.

యాభై మంది లోపైతే గుడి, నేలమీద ఇల్లూ ఎదుట ఖాళీ జాగా ఉంటే వందమంది దాకా ఇల్లు నయం. హాలు అద్దె గిట్టుబాటయ్యేది 150 విస్తళ్లు నిజంగా లేస్తాయన్నప్పుడే.