తొలి విమానం టికెట్

విజయవాడ నుంచి బెంగళూరులో ఇంటర్వ్యూకి వెళ్లాల్సిన అమ్మాయికి తెరపై కనిపించిన ధర 4,100 రూపాయలు. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి అది 4,949 అయింది. కిటికీ సీటుకి 300, ముందే టిక్ పెట్టి ఉన్న బీమాకి 199, కన్వీనియన్స్ ఫీజు 350. మొదటి రెండూ తీసేయొచ్చు. సీటు కొనకపోయినా వెబ్ చెకిన్‌లో ఏదో ఒకటి ఉచితంగా ఇస్తారు. గంట ప్రయాణానికి కిటికీ అంత అవసరమూ కాదు. మూడోది మాత్రం తప్పదు, టికెట్ రద్దు చేసినా సాధారణంగా తిరిగి రాదు.

ఆమెను ఎక్కువగా తికమక పెట్టింది 'నాన్ రిఫండబుల్' అన్న మాట. ఇంటర్వ్యూ వాయిదా పడితే పోయేది బేస్ ఫేర్, ఇంధన సర్‌చార్జీ. డీజీసీఏ నిబంధన ప్రకారం రద్దు రుసుము ఆ రెండింటి మొత్తాన్ని మించకూడదు. పన్నులు, విమానాశ్రయ రుసుములు అసలు ప్రయాణించకపోయినా వాపసు ఇవ్వాలి. అడగడం మరవొద్దు.