తొంభై ఎనిమిది ఎందుకు డెబ్బై ఆరైంది?

మా చెల్లెలి కొడుకు దక్షిణ కొరియాలో సువన్ ఊళ్లో ఇంజనీరు. ఒకరోజు పొద్దున్నే ఫోన్‌లో రెండు స్క్రీన్‌షాట్లు పంపాడు. రెండూ ఒకే షేరువి, ఒకే నిమిషంలో తీసినవి. మొదటిదాంట్లో అతను కొనగలిగే షేర్లు 98 అని ఉంది, రెండోదాంట్లో 76. కింద ఒక వాక్యం: "మావయ్యా, డబ్బు అదే, షేరూ అదే. పైనున్న చిన్న గడి ఒకటి మార్చానంతే, 22 షేర్లు ఎటు పోయాయి?"

కొరియన్ తెర మన కళ్లకు మొదట తికమకగానే ఉంటుంది. మనకు పెరిగిన షేరు ఆకుపచ్చ, పడిపోయింది ఎరుపు. అక్కడ పెరిగితే ఎరుపు, పడితే నీలం. కొనే మీట మీద 매수 అని ఎర్రగా రాసి ఉంటుంది. దాన్ని చూసి మనవాళ్లు ఏదో ప్రమాద హెచ్చరిక అనుకుంటారు. ఆ మీటకు కాస్త పైన ఆర్డరు రకం ఎంచుకునే గడి ఉంది. అందులో మూడు పేర్లు మనకు కావాలి: 지정가, 시장가, 스톱지정가. చివరి అక్షరం 가 మూడింట్లోనూ ఉంది. 'గా' అంటే ధర. మొదటిది 'జిజోంగ్‌గా', అంటే నేను చెప్పిన ధర. రెండోది 'షిజాంగ్‌గా', అంటే బజారు ధర. మూడోదాంట్లో మొదటిదాని ముందు 'స్టాప్' అనే ఇంగ్లీషు మాట చేరింది. మనవాళ్లు వాటినే లిమిట్, మార్కెట్, స్టాప్ లిమిట్ అంటారు.

మా వాడు గడిని లిమిట్ నుంచి మార్కెట్‌కు మార్చాడు. ఆ 22 షేర్లు అక్కడే పోయాయి.

లెక్క చూద్దాం. అతని ఖాతాలో 10 లక్షల వోన్‌లు ఉన్నాయి. అప్పు లేదు, కొనేదానికి సరిపడా డబ్బు ముందే చూపించాలి. షేరు నిన్న 10,000 వోన్‌ల దగ్గర ముగిసింది, ఇప్పుడు 10,200 దగ్గర నడుస్తోంది. లిమిట్ గడిలో 10,200 అని రాస్తే యాప్ 10 లక్షలను 10,200తో భాగించి 98 అంటుంది. కమీషన్ సంగతి పక్కన పెడదాం. మార్కెట్ అని ఎంచుకుంటే మాత్రం దేనితో భాగించాలి? ధర ఎంతవుతుందో కొనేవాడు చెప్పలేదు, యాప్‌కూ తెలియదు. అందుకని అది ఆ రోజుకు సాధ్యమైన అత్యధిక ధరతో భాగిస్తుంది. కొరియాలో ఏ షేరైనా ఒక్కరోజులో నిన్నటి ముగింపు ధర కంటే 30 శాతానికి మించి పెరగకూడదు, తగ్గకూడదు. 2015 జూన్ దాకా ఆ హద్దు 15 శాతమే. మన షేరుకు ఇవాళ్టి పైహద్దు 13,000. దాన్ని తెర మీద 상한가 అంటారు. 10 లక్షలను 13,000తో భాగిస్తే 76 షేర్లు, ఓ చిన్న మిగులు. యాప్ తప్పు లెక్క వేయలేదు. "నువ్వు ధర చెప్పలేదు కాబట్టి నీ చేత అన్నిటికంటే ఎక్కువ ధర ఇప్పించాల్సి వచ్చినా డబ్బు చాలాలి" అనుకుని 9,88,000 వోన్‌లను పక్కకు తీసి తాళం వేసింది.

అయితే మార్కెట్ ఆర్డరు వేస్తే నిజంగా 13,000 పెట్టి కొంటామా? సాధారణంగా కాదు. ధరల నిచ్చెన చూస్తే అది తెలుస్తుంది. తెర మీద అమ్మేవాళ్ల ధరలు పైన, కొనేవాళ్ల ధరలు కింద, చెరి పది మెట్లుగా పేర్చి ఉంటాయి. ప్రతి మెట్టు పక్కనా ఎన్ని షేర్లున్నాయో అంకె ఉంటుంది. మా వాడు పంపిన బొమ్మలో అమ్మకం వైపు పెద్దగా సరుకు లేదు. 10,200కు 20 షేర్లు, 10,230కి 15, 10,400కు 30, ఆ పైన 10,450కి 100. అప్పుడే 76 షేర్లకు మార్కెట్ ఆర్డరు కొడితే, అది మెట్టు మెట్టూ ఎక్కుతూ ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. మొదటి 20కి 2,04,000, తర్వాతి 15కి 1,53,450, ఆపై 30కి 3,12,000, చివరి 11కి 1,14,950. మొత్తం 7,84,400 వోన్‌లు. షేరు ఒక్కింటికి సగటున 10,321 పడింది. తాళంలో మిగిలిన 2,03,600 తిరిగి ఖాతాలోకి వస్తుంది.

తెర పైభాగంలో పెద్ద అక్షరాల్లో 10,200 అని కనిపిస్తున్నా 10,321 పెట్టి కొన్నాడన్నమాట. ఆ పెద్ద అంకె ఇందాక జరిగిన బేరానిది, రాబోయే బేరానిది కాదు. రోజంతా లక్షల షేర్లు చేతులు మారే కంపెనీ అయితే ఈ తేడా ఒక మెట్టుకు మించదు, పట్టించుకోనక్కర్లేదు. 10,230 తర్వాత ఒక్కసారిగా 10,400కు దూకే నిచ్చెన కనిపిస్తే మాత్రం ఆ ఖాళీ మెట్ల ఖరీదు మనమే కడతాం. నా మట్టుకు నేను చార్టు కంటే ముందు ఆ నిచ్చెనే చూస్తాను.

ఈ రెండు రకాల ఆర్డర్లూ యాప్‌లతో పుట్టినవి కావు. కొరియాలో స్టాక్ ఎక్స్ఛేంజి 1956 మార్చి 3న సియోల్‌లోని మ్యోంగ్‌డాంగ్‌లో 12 కంపెనీలతో తెరుచుకుంది. అప్పట్లో బేరగాళ్లంతా హాల్లో గుమిగూడి ధర, సంఖ్య అరిచేవాళ్లు, చేతులతో సైగలు చేసేవాళ్లు. కొనేవాళ్ల లెక్కా అమ్మేవాళ్ల లెక్కా ఒక ధర దగ్గర కలిసేసరికి ఎక్స్ఛేంజి ఉద్యోగి చెక్క చిడతను టక్కున కొట్టేవాడు. ఆ చప్పుడుతో అందరికీ అదే ధర ఖాయం. దాన్నే చెక్క చప్పుడు బేరం అనేవాళ్లు. ఇంటిదగ్గర కూర్చున్న మదుపరి తన బ్రోకరుకు చెప్పగలిగింది రెండే మాటలు: "ఇంతకు మించొద్దు", లేదా "ఎంతైనా సరే, కొనెయ్". ఇప్పుడు గడిలో ఉన్న మొదటి రెండు పేర్లూ ఆ రెండు మాటలే. 1970ల మధ్యలో ఆ చిడత మూగబోయింది. 1979లో ఎక్స్ఛేంజి యోయిడోకు మారింది. 1997లో బేరాలన్నీ కంప్యూటరుకు అప్పగించి హాలు మూసేశారు.

మూడో మాట పుట్టుక వేరు. "ధర ఫలానా చోటికి వస్తేనే నా ఆర్డరు లేపు, అందాకా నిద్రపోనీ" అనడం స్టాప్. మన బజార్లో 'స్టాప్ లాస్' అనగానే అమ్మకమే గుర్తొస్తుంది. కొనేటప్పుడు దీని దిక్కు తిరగబడుతుంది. ట్రిగ్గర్ ధర ఇప్పటి ధర కంటే పైన ఉండాలి. షేరు 10,600 దాటితే గానీ నిజంగా ఊపందుకున్నట్టు కాదని నమ్మేవాడు 10,600 దగ్గర ట్రిగ్గర్ పెట్టి, 10,700 దాకా కొంటానని లిమిట్ రాస్తాడు. 10,600కు బేరం జరిగిన క్షణాన అది మామూలు లిమిట్ ఆర్డరై వరసలో నిలబడుతుంది. చవగ్గా దొరుకుతుందని 10,000 దగ్గర స్టాప్ కొనుగోలు పెట్టబోయేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు కావలసింది స్టాప్ కాదు, ఉత్త లిమిట్.

కొరియా ఎక్స్ఛేంజిలో ఈ రకం చాలాకాలం లేనేలేదు. బ్రోకర్ల యాప్‌లలో ఆ పేరుతో కనిపించింది వాళ్ల సొంత కాపలా. బ్రోకరు కంప్యూటరు ధరను కనిపెట్టుకుని ఉండి, సమయం రాగానే మామూలు ఆర్డరు పంపేది. 2025 మార్చి 4న నెక్స్‌ట్రేడ్ అనే రెండో వేదిక తలుపులు తెరిచింది. అదే రోజు స్టాప్ లిమిట్ కూడా అధికారిక ఆర్డరు రకమైంది. ఆ పేరులో 지정가 అతుక్కుని ఉండటం గమనించాలి. స్టాప్ లేస్తుంది గానీ 'ఎంతైనా సరే' అంటూ లేవదు, ధర హద్దు కట్టుకునే లేస్తుంది.

ఎందుకంత జాగ్రత్త అనేవాళ్లకు అమెరికా అనుభవం చెప్పాలి. అక్కడ స్టాప్ లేవగానే మార్కెట్ ఆర్డరయ్యే పద్ధతి ఉంది. 2010 మే 6 మధ్యాహ్నం ధరలు కుప్పకూలినప్పుడు కొనేవాళ్లు పక్కకు తప్పుకున్నారు. అయినా మార్కెట్ అమ్మకాలు 'ఎంతైనా సరే' అంటూ కిందికి దిగుతూనే పోయాయి. 40 డాలర్ల చుట్టూ ఉండే యాక్సెంచర్ షేరు ఒక్క సెంటుకు చేతులు మారింది. ఆ బేరాలు తర్వాత రద్దు చేశారు. చివరికి 2016 ఫిబ్రవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి హద్దులేని స్టాప్ ఆర్డర్లు తీసుకోవడమే మానేసింది. హద్దు ఉంటే ఇంకో ఇబ్బంది ఉంది. మన 10,600, 10,700 ఉదాహరణలో ఏదో వార్త వచ్చి ధర ఒక్క ఊపున 10,900కు దూకితే ఆర్డరు లేస్తుంది, కానీ ఒక్క షేరూ రాదు. ట్రిగ్గర్ అయిందని చూసి కొన్నట్టే అనుకుంటే బోల్తా పడతాం. ఖాతాలోకి వెళ్లి ఎన్ని షేర్లు చేరాయో చూసుకోవాలి.

మా వాడికి నేను ఫోన్‌లో చెప్పింది ఇంత లేదు. "లిమిట్టే పెట్టు, ధర మాత్రం కాస్త పైన రాయి" అన్నాను. "10,200కు దొరుకుతుంటే ఎక్కువెందుకు మావయ్యా?" అన్నాడు. లిమిట్‌లో రాసింది ఇచ్చే ధర కాదు, మించకూడని ధర. చవకైన సరుకు ముందుంటే అది ఆ చవక ధరకే వస్తుంది. 10,300 రాసి, 97 షేర్లకు ఆర్డరు కొట్టాడు. 10,200వి 20, 10,230వి 15 వెంటనే వచ్చాయి. మిగతా 62 కొనుగోలు వైపు 10,300 మెట్టు మీద అన్నిటికంటే ముందు నిలబడ్డాయి. మార్కెట్ కొట్టి ఉంటే 10,400 మెట్టు ఎక్కేవి.

మధ్యాహ్నం దాకా అవి కదల్లేదు. మన గడియారంలో పన్నెండు గంటలకు, అంటే కొరియాలో మూడున్నరకు, మళ్లీ సందేశం వచ్చింది. 62 షేర్లూ 10,280కి వచ్చాయట. "10,300 కదా పెట్టాను, 20 వోన్‌లు ఎవరు తగ్గించారు?" అని అడిగాడు.

మూడింబావు దాటిన అయిదు నిమిషాలకు, అంటే 3:20కి, ఎక్స్ఛేంజి బేరాలు ఆపేస్తుంది. పది నిమిషాలు ఆర్డర్లు పోగేసి, ఎక్కువ షేర్లు కలిసే ఒక్క ధర తేల్చి, ఆ ధరకు అందరికీ ఒకేసారి ఇచ్చేస్తుంది. పొద్దున తొమ్మిదికి తెరిచేటప్పుడూ ఇదే తంతు. హాలు లేదు, ఉద్యోగి లేడు, చిడత లేదు. 3:30కి మ్యోంగ్‌డాంగ్ చెక్క చప్పుడు మాత్రం రోజూ వినపడకుండా మోగుతూనే ఉంది. మా వాడికి 20 వోన్‌లు తగ్గించింది అదే.